ఆరు నెలల అమెరికా ప్రయాణం: అమ్మానాన్నల మందులు, డాలర్లు, కానుకలకు కస్టమ్స్ కాగితాలు సర్దే పద్ధతి

కూతురి పురుడుకో, కొడుకు గృహప్రవేశానికో కావలి, నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు వీసా వచ్చేదాకా ఉన్న జాగ్రత్త, వచ్చాక ఉండదు. పెట్టెల బరువు చూసుకుంటారు, పచ్చళ్ల మూతలు బిగిస్తారు. మందులు మాత్రం ఏ రోజు ఏది వేసుకోవాలో గుర్తుండేలా రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుంటారు. మా అమ్మ కూడా మొదటిసారి అలాగే పోసుకుంది. అమెరికాలో దిగాక అధికారి ఆ డబ్బా తెరిచి, పేరు లేని తెల్ల మాత్రలు చూపించి ఇవి ఏమిటని అడిగాడు. అమ్మకు తెలిసింది ఒకటే, పొద్దున వేసుకునేది, రాత్రి వేసుకునేది. చేతిలో ఉన్న మందుల చీటీ మీద పేరు ఒకటి, పాస్‌పోర్టు మీద పేరు మరొకటి. చివరికి వదిలేశారు కానీ, బయట ఎదురుచూస్తున్న మా చెల్లెలికి ఆ రెండు గంటలు ప్రాణం పోయినంత పనైంది.

ఆ తర్వాత మా ఇంట్లోంచీ మా వీధిలోంచీ ఎవరు వెళ్లినా వాళ్ల ఫైలు నేనే సర్దుతున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ క్రమమే. చెన్నై నుంచి అమెరికాకు, ఆరు నెలలు ఉండి వచ్చే సందర్శకుల కోసం. మందుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే.

మూడు వారాల ముందు: డాక్టరు ఉత్తరం

మన డాక్టర్లు రాసే చీటీ మన మందుల షాపు వాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. అందులో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, పక్కన 1-0-1 అని ఉంటుంది. అమెరికా అధికారికి ఆ పేరు తెలియదు, ఆ అంకెలూ తెలియవు. అందుకే చీటీతో పాటు ఒక ఉత్తరం కావాలి. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద, ఇంగ్లీషులో, టైపు చేసి, డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరుతో.

డాక్టరు గారికి టైపు చేయించే తీరిక ఉండదు. మనమే ముసాయిదా తయారు చేసుకుని తీసుకువెళితే చదివి, సరిచేసి సంతకం పెడతారు. అందులో ఉండవలసినవి ఇవి: పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఏ జబ్బుకు ఏ మందు, దాని అసలు రసాయన నామం, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, వెంట ఎన్ని మాత్రలు తీసుకువెళుతున్నారు, ఎన్ని రోజులకు. ఇన్సులిన్ ఉంటే సూదులు కూడా వైద్య అవసరమేనని ఒక వాక్యం.

పేరు సంగతి మళ్లీ చెబుతాను, ఇది మన ప్రత్యేకమైన తలనొప్పి. మన దగ్గర ఇంటిపేరు ఒక పొడి అక్షరం. ఆస్పత్రి కంప్యూటర్‌లో ‘కె. రమణమ్మ’ అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేరు పూర్తిగా, కొన్నిసార్లు భర్త ఇంటిపేరు, ఇంకొన్నిసార్లు పుట్టింటిది. చూసేవాళ్లకు వీరిద్దరూ వేరువేరు మనుషులు. ఉత్తరం రాయించుకోవడానికి వెళ్లినప్పుడే రిసెప్షన్‌లో పాస్‌పోర్టు నకలు ఇచ్చి, రికార్డులో పేరు మార్పించండి. అప్పుడు కొత్త చీటీ, బిల్లు, ఉత్తరం మూడింటి మీదా ఒకే పేరు వస్తుంది.

రసాయన నామాల్లోనూ ఒక మెలిక ఉంది. మనం పారాసెటమాల్ అనేదాన్ని అక్కడ అసిటామినోఫెన్ అంటారు. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్. షుగరుకు పాతకాలం నుంచీ ఇస్తున్న గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యూరైడ్. ఉత్తరంలో ఇలాంటి వాటికి రెండు పేర్లూ పక్కపక్కన రాయించండి. ఇది కస్టమ్స్ కోసమే కాదు, అక్కడ హఠాత్తుగా ఆస్పత్రికి వెళ్లవలసి వస్తే అదే కాగితం చేతికిస్తే సరిపోతుంది.

ఎన్ని మాత్రలు? తొంభై రోజుల లెక్క

అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే మాట: సొంత వాడకానికి సాధారణంగా 90 రోజులకు సరిపడా మందులు మించకూడదు. మనవాళ్లు ఉండేది 180 రోజులు. అసలు చిక్కు ఇదే.

ముందు 90 రోజుల లెక్క ఎలా కట్టాలో చూద్దాం. మా పిన్ని విషయమే తీసుకుంటాను. ఆమెకు రక్తపోటుకు టెల్మిసార్టాన్ 40 రోజుకు ఒకటి, షుగరుకు మెట్‌ఫార్మిన్ 500 రోజుకు రెండు, రాత్రి గ్లార్జిన్ ఇన్సులిన్ 20 యూనిట్లు. టెల్మిసార్టాన్ 90 మాత్రలు, షీటుకు 15 ఉంటే ఆరు షీట్లు. మెట్‌ఫార్మిన్ 180, షీటుకు 10 ఉంటే పద్దెనిమిది షీట్లు. ఇన్సులిన్ దగ్గర జాగ్రత్త అవసరం. 3 మి.లీ. కార్ట్‌రిడ్జ్‌లో 300 యూనిట్లు ఉంటాయి. రోజుకు 20 చొప్పున 1,800 యూనిట్లు, ఆరు చాలు అనిపిస్తుంది. కానీ ప్రతిసారీ సూది పరీక్షకు రెండు యూనిట్లు బయటికి వదలాలి. రోజుకు 22 పడుతుంది, మొత్తం 1,980. అంటే ఏడు కావాలి. సూదులు 90. ఈ సంఖ్యలే ఉత్తరంలోనూ ఉండాలి. ఉత్తరంలో ఆరు అని రాసి పెట్టెలో ఏడు ఉంటే, ఆ ఏడోదాని గురించి అడుగుతారు.

మిగిలిన 90 రోజులకు ఏం చేయాలి? మూడు దారులున్నాయి. మొదటిది, అక్కడికి వెళ్లిన నెలలోపే పిల్లలు దగ్గరలోని క్లినిక్‌లో ఒక అపాయింట్‌మెంట్ తీసుకుని, మన డాక్టరు ఉత్తరం చూపించి, అక్కడి చీటీ రాయించుకోవడం. మెట్‌ఫార్మిన్ లాంటి పాత మందులు అక్కడ కూడా చవకే, అసలు ఖర్చు డాక్టరు ఫీజు. ఇన్సులిన్ వాడేవాళ్లు ధర ముందుగా కనుక్కోవాలి. రెండోది, ఇక్కడి నుంచి పార్సిల్ పంపడం. 90 రోజులకు మించి ఉండే విదేశీ సందర్శకులకు మందులు పంపే వీలుందని ఎఫ్‌డీఏ చెబుతుంది. పార్సిల్‌లో వీసా, పాస్‌పోర్టు నకళ్లు, డాక్టరు ఉత్తరం, ఇంగ్లీషులో ఉన్న చీటీ నకలు పెట్టాలి. ఇన్సులిన్‌కు ఈ దారి పనికిరాదు, దారిలోని ఎండకు పాడైపోతుంది. మూడోది మనవాళ్లలో ఎక్కువమంది చేసేది: ఆరు నెలల మందులూ ఒకేసారి మోసుకుపోవడం. 90 అనేది సాధారణ కొలమానం, దాటితే తప్పక లాక్కుంటారని కాదు. తిరుగు టికెట్టు, ఆరు నెలల అవసరం వివరించే ఉత్తరం ఉంటే ఒప్పుకునే అధికారీ ఉంటాడు. కానీ నిర్ణయం అతనిది. నేనైతే ఇన్సులిన్, గుండె మందుల విషయంలో ఆ పందెం కాయను.

‘ఫలానా వాళ్లబ్బాయి వచ్చే నెల వెళుతున్నాడు, అతని చేత పంపిద్దాం’ అనేది నాలుగో దారి అనుకుంటారు. అది దారి కాదు. మందులు తీసుకువెళ్లేవాళ్ల సొంత వాడకానికే ఉండాలి. ముప్పై ఏళ్ల కుర్రాడి సంచిలో అరవై ఏళ్ల మనిషి పేరు మీద షుగరు మందులుంటే అతను ఏమని చెబుతాడు?

వారం ముందు: మందుల షాపులో

మన షాపుల్లో అడిగినన్ని మాత్రలు కత్తెరతో కోసి ఇస్తారు. కోసిన ముక్క మీద మందు పేరు సగం, గడువు తేదీ అసలే ఉండకపోవచ్చు. కస్టమ్స్ బల్ల మీద అది పేరు లేని మాత్రతో సమానం. పూర్తి షీట్లే తీసుకోండి, నాలుగు మాత్రలు ఎక్కువైనా సరే, ఆ సంఖ్యే ఉత్తరంలో రాయించండి. గడువు తేదీ తిరుగు ప్రయాణం దాటి ఉండాలి. అట్టపెట్టెలో వచ్చే మందుకు ఆ పెట్టె పారేయవద్దు. ఇన్సులిన్ పెట్టె మీద మందు పేరు, బలం స్పష్టంగా ఉంటాయి.

బిల్లు తప్పనిసరిగా అడగండి. మా షాపు ఆయన ‘బిల్లెందుకమ్మా, ఎప్పుడూ తీసుకునేవే కదా’ అన్నాడు. పాస్‌పోర్టు పేరుతో, డాక్టరు పేరుతో, బ్యాచ్ నంబర్లతో బిల్లు కావాలని చెబితే కంప్యూటర్‌లో కొట్టి ఇచ్చాడు. వారం వారం డబ్బా వాడుకోవాలనుకుంటే వాడుకోవచ్చు, ఖాళీగా తీసుకువెళ్లి అక్కడ నింపుకోండి.

ఇక కొన్ని మందులు వేరే జాతి. నిద్రకో ఆందోళనకో ఇచ్చే ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, జోల్పిడెమ్, నొప్పికిచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఇవన్నీ అమెరికాలో నియంత్రణలో ఉన్న మందులు. వీటిని షాపులో ఇచ్చిన అసలు ప్యాకింగ్‌లోనే ఉంచాలి. నోరు తెరిచి ‘ఇది నా వాడకానికి’ అని అధికారికి చెప్పాలి. మందు పేరు, చీటీ వెంటనే చూపగలగాలి. పార్సిల్‌లో పంపడం కుదరదు. డాక్టరు గారిని అడిగి వీటిని మానేసే వీలుంటే ప్రయాణానికి ముందే మానిపించడం అన్నిటికంటే సుఖం. కొందరు ఇరవై ఏళ్లుగా అలవాటు కొద్దీ వేసుకుంటూ ఉంటారు. అలాంటివాళ్లు సొంతంగా హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి.

నిమెసులైడ్ ఇక్కడ జ్వరానికి కూడా వాడేస్తారు, అక్కడ దానికి అసలు అనుమతి లేదు. వదిలేయండి. భస్మాలు, రసాలతో చేసిన ఆయుర్వేద మందులు కూడా ఇంట్లోనే ఉంచండి. వాటిలో కొన్నింటిలో సీసం, పాదరసం ఉన్నాయని ఎఫ్‌డీఏ చాలాసార్లు హెచ్చరించింది.

గల్ఫ్ మీదుగా టికెట్టు తీసుకున్నవాళ్లకు రెండు మాటలు. ట్రమడాల్, కోడీన్ లాంటివాటి మీద యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దేశం ఇంకా కఠినం. వంటింటి వస్తువొకటి కూడా ఆ జాబితాలో ఉంది, గసగసాలు. ఇవి అక్కడ నిషిద్ధం. మసాలా పొడిలో కలిపి ఉన్నా సరే. విమానం తప్పిపోయి పెట్టెలు తీసుకుని బయటికి రావలసి వస్తే ఇబ్బంది. అబుదాబి మీదుగా వెళితే ఇంకో సంగతి తెలిసి ఉండాలి. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ ఆ విమానాశ్రయంలోనే చేసేస్తారు. కాబట్టి ఫైలు చేతిసంచిలో పైనే ఉండాలి.

డాలర్లు

నగదు నోట్లు మనిషికి ప్రయాణానికి 3,000 డాలర్లకు మించి కొనే వీల్లేదు. అంతకంటే కావాలంటే ఫారెక్స్ కార్డులో వేసుకోవాలి. నెల్లూరులో బ్యాంకులోనో అనుమతి ఉన్న ఫారెక్స్ సంస్థలోనో కొనండి. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ కార్డు చూపించి ఎ2 ఫారం నింపాలి. 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచి చెల్లించాలి. వాళ్లిచ్చే రసీదు ఫైల్లో పెట్టండి, చెన్నైలో అడిగితే అదే సమాధానం. రూపాయి నోట్లు మనిషికి 25,000 వరకు వెంట ఉంచుకోవచ్చు. తిరిగి వచ్చినప్పుడు ఆటో, టాక్సీలకు పనికొస్తాయి.

అమెరికా వైపు సంగతి వేరు. డబ్బు ఎంతైనా తీసుకురావచ్చు, కానీ 10,000 డాలర్లు దాటితే చెప్పి, ఫిన్‌సెన్ ఫారం 105 నింపాలి. పన్నేమీ ఉండదు. మనవాళ్లు తప్పు లెక్క వేసేది ఇక్కడే. శ్రీమంతానికి నలుగురు కలిసి వెళ్లారనుకుందాం: తల్లి, తండ్రి, కొడుకు, కోడలు. ఒక్కొక్కరి దగ్గర 2,600. ఎవరి దగ్గరా 3,000 దాటలేదు కనుక భారత నియమం ప్రకారం అంతా బాగానే ఉంది. కానీ ఒకే కుటుంబంగా కలిసి ప్రయాణిస్తున్నప్పుడు అమెరికా కస్టమ్స్ ఆ డబ్బును కలిపి చూస్తుంది. నాలుగు 2,600లు 10,400. దాటింది. ఫారం నింపాలి. దాటకుండా కనిపించాలని తలా ఇంత పంచుకోవడమే అక్కడ నేరం. చెప్పకపోతే దాటిన 400 కాదు, మొత్తం 10,400 స్వాధీనం చేసుకోవచ్చు. ఫారెక్స్ కార్డులోని డబ్బు ఈ లెక్కలోకి రాదు. అందుకే నా సలహా సులువు: మనిషికి 500 నోట్లు, మిగిలింది కార్డులో.

ఎదురింటివాళ్లు ‘మా అబ్బాయికి ఈ కవరు ఇచ్చేయండి’ అంటే? ఆ కవరులోని డాలర్లు మోసేవాళ్ల లెక్కలోకే వస్తాయి. రసీదు కూడా వాళ్ల పేరు మీద ఉండదు. మొహమాటపడకుండా బ్యాంకులో పంపుకోమని చెప్పండి.

కానుకలు, తిండి, నగలు

సందర్శకులు కనీసం 72 గంటలు ఉండేటట్లయితే, ఆరు నెలలకు ఒకసారి, మనిషికి 100 డాలర్ల విలువైన కానుకలు సుంకం లేకుండా తీసుకువెళ్లవచ్చు. మీరు కట్టుకునే చీరలు, వాడుకునే వస్తువులు కానుకలు కావు. కూతురికి ఇచ్చి వచ్చే పట్టుచీర కానుక. ఆ చీర బిల్లు పడేయకండి, ధర నోటితో చెబితే నమ్మాలని లేదు. ఉదయగిరి కొయ్య చెంచాల సెట్టు లాంటిది ఈ పరిమితిలో హాయిగా సరిపోతుంది. కొయ్య వస్తువు కాబట్టి అదీ చెప్పాలి.

తిండి విషయంలో నియమం ఒకటే: ఉన్నదంతా చెప్పాలి. మాంసం, మాంసం పచ్చళ్లు తీసుకువెళ్లకూడదు. పొదలకూరు నిమ్మకాయలు ఎంత బాగున్నా వద్దు, పచ్చి కరివేపాకు అసలే వద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందని వాళ్ల భయం. రొయ్యల పచ్చడి మాంసం కోవలోకి రాదు, అయినా చెప్పాలి. కోవా మిఠాయిలు అధికారి వద్దనవచ్చు. చెప్పి పోగొట్టుకుంటే పోయేది మిఠాయి మాత్రమే, దాచి దొరికితే జరిమానా.

నగల సమస్య వెళ్లేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు. ఏడాదికి పైగా విదేశంలో ఉన్నవాళ్లకు ఇచ్చే నగల మినహాయింపు ఆరు నెలల సందర్శకులకు వర్తించదు. చేతికున్న గాజులు ఇక్కడి నుంచి తీసుకువెళ్లినవేనని రుజువు లేకపోతే వాదన మొదలవుతుంది. భారీ నగలు వేసుకుని వెళ్లాలనే పట్టుదల ఉంటే, బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ వారి దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. నగలు, కొన్న బిల్లులు లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న మదింపుదారు ఇచ్చిన ధ్రువపత్రం చూపాలి. దీనికి సమయం పడుతుంది, కాబట్టి కావలి నుంచి బయలుదేరే వేళ రెండు గంటలు ముందుకు జరుపుకోండి. మంగళసూత్రం, రెండు గాజులతో వెళ్లేవాళ్లకు ఈ బాధ ఉండదు.

ప్రయాణం రోజు

మందులన్నీ చేతిసంచిలోనే. పెట్టెలో వేస్తే రెండు ప్రమాదాలు: పెట్టె రాకపోవచ్చు, విమానం పొట్టలోని చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. ఇన్సులిన్‌ను చల్లటి జెల్ సంచితో ఉంచండి, మంచుకు నేరుగా తగలనివ్వకండి. భద్రతా తనిఖీలో ట్రేలో వేరుగా పెట్టి ‘ఇన్సులిన్’ అని చెప్పాలి. వైద్యానికి అవసరమైన ద్రవాలకు 100 మి.లీ. పరిమితి వర్తించదు, ఉత్తరం చూపిస్తే చాలు.

ఫైల్లో వరుస ఇలా పెట్టండి: పైన డాక్టరు ఉత్తరం, కింద చీటీ, మందుల బిల్లు, డాలర్ల రసీదు, కానుకల బిల్లులు, చివర ఇంగ్లీషులో రాసిన తిండి జాబితా. మందులు, చీటీ ఫోటోలు పిల్లల ఫోనులో కూడా ఉండాలి.

ఇప్పుడు కాగితం ఫారం చాలాచోట్ల ఇవ్వడం లేదు, అధికారి నోటితోనే అడుగుతాడు. తిండి ఉందా, మందులున్నాయా, డబ్బెంత? మనవాళ్లకు అధికారి కనిపిస్తే ‘ఏమీ లేవండీ’ అనడం అలవాటు. అదే కొంప ముంచుతుంది. అమ్మతో నేను ఇంట్లో రెండుసార్లు అభ్యాసం చేయించాను. ‘ఫుడ్?’ అంటే ‘యెస్’ అని జాబితా చేతికివ్వాలి. ‘మెడిసిన్?’ అంటే ‘యెస్’ అని ఉత్తరం ఇవ్వాలి. డబ్బు అడిగితే సంఖ్య ఒకటే చెప్పాలి. రెండోసారి వెళ్లినప్పుడు అధికారి ఉత్తరం, షీట్లు పక్కపక్కన పెట్టి చూసి, మొత్తం ఐదు నిమిషాల్లో పంపేశాడు. ఆవకాయ గురించే ఎక్కువసేపు అడిగాడట.

తిరిగి వచ్చేటప్పుడు

విదేశీ నోట్లు 5,000 డాలర్లకు సమానంగా దాటితే, లేదా నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 దాటితే చెన్నైలో కరెన్సీ డిక్లరేషన్ ఫారం ఇవ్వాలి. పిల్లలు చేతిలో పెట్టినవి కూడా కలుపుకునే లెక్క ఇది. మిగిలిన డాలర్లలో 2,000 వరకు మరో ప్రయాణానికి ఉంచుకోవచ్చు, ఆపైవి 180 రోజుల్లో బ్యాంకుకో ఫారెక్స్ సంస్థకో తిరిగి ఇచ్చేయాలి. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లు అది చేతిసంచిలోనే ఉందో లేదో అక్కడ విమానం ఎక్కకముందే చూసుకోండి. మా వీధిలో ఒకావిడ దాన్ని భద్రంగా దాచమని కూతురికిచ్చి వచ్చేశారు.